కిరాయి ఆటో రాత్రి లెక్క: 1,428 వసూలైతే మిగిలింది 435

హైదరాబాద్‌లో కిరాయి ఆటో నడుపుతాను. బండి నాది కాదు, రోజుకు 450 రూపాయలు ఓనర్‌కు కట్టాలి. పగటి షిఫ్ట్ నాది, రాత్రి షిఫ్ట్ ఇంకొకరిది. బోరబండ, ఎర్రగడ్డ, అమీర్‌పేట, పంజాగుట్ట నేను ఎక్కువగా తిరిగే ఏరియా. రోజూ రాత్రి బండి అప్పగించే ముందు గ్యారేజీ దగ్గర కూర్చుని పావుగంట లెక్క రాస్తాను. ఆ లెక్క ఎలా వేస్తానో, దాని వల్ల నాకు ఏం తెలిసిందో రాయాలని చాలా రోజులుగా అనుకుంటున్నాను. మా స్టాండ్‌లో కొత్తగా బండి పట్టిన కుర్రాళ్లు "అన్నా, రోజుకు ఎంత మిగులుతుంది?" అని అడుగుతారు. ఒక్క ముక్కలో చెప్పే జవాబు కాదది.

ఆటో నడిపేవాళ్లలో చాలామంది రాత్రి జేబులో చేయి పెట్టి, ఉన్న నోట్లు లెక్కపెట్టి, ఈ రోజు బాగుందనో బాగాలేదనో అనుకుంటారు. అందరూ నోట్లే ఇచ్చిన కాలంలో అది కొంతవరకు సరిపోయేది. ఇప్పుడు సగం డబ్బు ఫోన్‌లోకి వస్తుంది. గ్యాస్ జేబులోంచి పోతుంది, సవారీలు ఇచ్చే యాప్ ఫీజు ఫోన్‌లోంచి పోతుంది, టీ, భోజనం మళ్లీ జేబులోంచే. రాత్రి జేబులో కనిపించేది మనం సంపాదించిందీ కాదు, మనకు మిగిలిందీ కాదు.

ఒక మామూలు రోజు లెక్క తీసుకుని చెప్తాను. పండగ కాదు, వాన లేదు, ట్రాఫిక్ మళ్లింపులు లేవు. పొద్దున ఏడున్నరకు బండి తీశాను, రాత్రి ఎనిమిదిన్నరకు తెచ్చి పెట్టాను.

పొద్దున బండి ఎక్కగానే రెండు సంగతులు రాసుకుంటాను. ఒకటి, కిలోమీటర్ల రీడింగ్. రెండోది, జేబులో ఎంత చిల్లరతో బయల్దేరాను అన్నది. పదులు, ఇరవైలు కలిపి 200 ఎప్పుడూ ఉంచుకుంటాను. ఆ 200 ఇంటి డబ్బు, ఆ రోజు సంపాదన కాదు. రాత్రి లెక్కలో ముందు దాన్ని పక్కకు తీసెయ్యాలి. చిన్న మొత్తమే అయినా దాన్ని తియ్యకపోతే ప్రతి రోజూ 200 ఎక్కువ మిగిలినట్టు కనిపిస్తుంది.

రీడింగ్ గురించి ఒక మాట. కిరాయి బండ్లలో చాలావాటికి కిలోమీటర్ల మీటర్ పనిచెయ్యదు. కేబుల్ తెగి ఉంటుంది, ఎవరూ పట్టించుకోరు. బండి మాట్లాడుకునేటప్పుడు బ్రేక్, క్లచ్ చూస్తాం కదా, దీన్నీ అలాగే చూడాలి. ఎన్ని కిలోమీటర్లు తిరిగామో తెలియకపోతే గ్యాస్ లెక్క తేలదు. గ్యాస్ లెక్క తేలకపోతే ఏ సవారీలో లాభం వచ్చిందో, ఏ సవారీలో చమురు వదిలిందో తెలియదు.

ఇక ఆ రోజు రాత్రి లెక్క. జేబులో నోట్లు, చిల్లర కలిపి 395 ఉంది. ఓనర్ కిరాయి 450. జేబు మాత్రమే చూసేవాడికి కిరాయికే 55 తక్కువైంది, పదమూడు గంటలు ఉత్తగా తిరిగాం అనిపిస్తుంది. అలా అనిపించి మనసు పాడుచేసుకున్న వాళ్లను చూశాను. అసలు లెక్క అది కాదు.

ఆ 395లోంచి పొద్దున్నే పెట్టుకున్న 200 తీసేస్తే 195. కానీ పగలంతా ఆ జేబులోంచే ఖర్చు పెట్టాను. రెండుసార్లు కలిపి సీఎన్‌జీకి 413, టీ, టిఫిన్, భోజనానికి 100. ఇవి తిరిగి కలిపితే 708. అంటే సవారీల దగ్గర నోట్ల రూపంలో వచ్చింది 708. తర్వాత ఫోన్ తీసి, ఆ రోజు తారీఖున వచ్చిన డబ్బు మాత్రమే చూస్తాను. బ్యాలెన్స్ చూడకూడదు, అందులో నిన్నటిదీ ఉంటుంది, బామ్మర్ది పంపిందీ ఉంటుంది. ఒక్కొక్క ఎంట్రీ చూసి కూడితే 720 వచ్చింది. రెండూ కలిపి 1,428. ఇది ఆ రోజు మొత్తం వసూలు.

ఇందులోంచి గ్యాస్ 413, ఓనర్ కిరాయి 450, యాప్‌కు ఆ రోజు కట్టిన 30 తీసేస్తే 535. నేను తిన్నదానికి 100 తీసేస్తే 435. అదీ ఇంటికి చేరేది.

ఈ జవాబు సరైనదో కాదో చూడటానికి ఇంకో వైపు నుంచి కూడా లెక్క వేస్తాను. జేబులో చిల్లర పోను 195 ఉంది. ఫోన్‌లో వచ్చిన 720లో యాప్ ఫీజు 30 పోతే 690. రెండూ కలిపితే 885. అందులో కిరాయి 450 ఇచ్చేస్తే 435. రెండు వైపులా ఒకటే అంకె వచ్చింది కాబట్టి కూడికలో తేడా లేదని అర్థం.

మూడో సరిచూపు కూడా ఉంది, అదే అన్నిటికన్నా పనికొచ్చేది. ప్రతి సవారీ దిగగానే ఎంత ఇచ్చారో ఒక చిన్న పుస్తకంలో రాస్తాను. నోట్లు ఇస్తే పక్కన 'న', ఫోన్ చేస్తే 'ఫో'. యాప్ సవారీలు యాప్‌లో కనిపిస్తాయి కానీ రోడ్డు మీద చెయ్యెత్తి ఆపిన సవారీలు ఎక్కడా ఉండవు. రాత్రి ఆ పుస్తకం మొత్తం, డబ్బు నుంచి తేల్చిన మొత్తం సమానంగా ఉండాలి.

ఒకసారి అలా సమానం కాలేదు. పుస్తకంలో 90 ఎక్కువ ఉంది, డబ్బులో 90 తక్కువ. 'ఫో' అని రాసినవి ఒక్కొక్కటి ఫోన్‌తో పోల్చి చూస్తే సికింద్రాబాద్ స్టేషన్ దగ్గర దిగిన ఒక సవారీ డబ్బు రానేలేదు. ఆయన రైలు హడావిడిలో తన ఫోన్ తెర చూపించి వెళ్లిపోయాడు. అది ఇంకా ప్రాసెసింగ్‌లో ఉన్న తెర. ఆయన మోసం చేశాడని అనను. నెట్ సరిగ్గా లేకపోతే అలా అవుతుంది, ఒక్కోసారి మర్నాటికి జమవుతుంది కూడా. ఇది మాత్రం జమ కాలేదు. లెక్క రాయకపోతే ఆ 90 పోయినట్టు కూడా తెలిసేది కాదు. అప్పటి నుంచి అవతలి ఫోన్ తెర చూసి తల ఊపను, నా ఫోన్‌కు మెసేజ్ వచ్చేదాకా "ఒక్క నిమిషం సార్" అంటాను. ఎవరూ ఏమీ అనుకోలేదు.

ఇప్పుడు గ్యాస్ సంగతి. ఇది కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే రోజు సంపాదనలో మన చేతిలో ఉన్న భాగం ఎక్కువగా ఇక్కడే ఉంది.

ఆ రోజు రీడింగ్ ప్రకారం 138 కిలోమీటర్లు తిరిగాను. మా షిఫ్ట్‌ల మధ్య ఒప్పందం ఏమిటంటే ఎవరు అప్పగించినా ట్యాంక్ ఫుల్ చేసి అప్పగించాలి. కాబట్టి పగలు, రాత్రి నేను కొట్టించిన గ్యాసే ఆ రోజు నేను వాడిన గ్యాస్. కిలో 96 లెక్కన 4.3 కిలోలు. అంటే కిలోకు 32 కిలోమీటర్లు. ఇంకో రకంగా చెప్తే బండి కదిలితే కిలోమీటరుకు 3 రూపాయలు పోతుంది, వెనక సీట్లో మనిషి ఉన్నా లేకపోయినా.

అయితే సీఎన్‌జీలో 'ఫుల్' అనేది ప్రతిసారీ ఒకటే కాదు. పెట్రోల్ అయితే ట్యాంక్ మూతి దాకా కనిపిస్తుంది. గ్యాస్ ఒత్తిడి మీద ఎక్కుతుంది. పైప్‌లైన్ ఉన్న బంకులో ప్రెషర్ బాగుంటే ముల్లు 200 దాకా పోతుంది. లారీల మీద సిలిండర్లు తెచ్చి నింపే బంకుల్లో, అందులోనూ సాయంత్రం క్యూ పెరిగినప్పుడు, 150, 160 దగ్గరే ఆగిపోతుంది. ఎండాకాలం మధ్యాహ్నం కూడా తక్కువే ఎక్కుతుంది. బంకు అబ్బాయి ఫుల్ అంటాడు, అతని తప్పేం లేదు, అంతకన్నా ఎక్కదు. కానీ అలాంటి రోజు మన లెక్కలో గ్యాస్ తక్కువ ఖర్చైనట్టు కనిపిస్తుంది, మర్నాడు ఎక్కువ కనిపిస్తుంది. అందుకే ఒక్క రోజు మైలేజీ చూసి ఏమీ అనుకోను. వారం గ్యాస్ మొత్తం, వారం కిలోమీటర్ల మొత్తం తీసి చూస్తాను. వీలైనంత వరకు ఒకే బంకులో కొట్టిస్తాను.

ఇలా వారానికి వేసే లెక్కే ఒకసారి నన్ను ఆదుకుంది. కిలోకు 32 ఇచ్చే బండి 28కి దిగింది. ఒక రోజు అయితే ప్రెషర్ అనుకునేవాడిని, వారమంతా అదే. అదే 138 కిలోమీటర్లకు 4.9 కిలోలు, అంటే 470 రూపాయలు. రోజుకు 57 తేడా. నెలకు ఇరవై ఆరు రోజులు బండి తీసినా పధ్నాలుగు వందలు దాటుతుంది. బండిలో పైకి ఏమీ తెలియదు, పికప్ కొంచెం మందంగా ఉంది అంతే.

ఇక్కడే కిరాయి బండిలో ఉన్న అసలు చిక్కు ఉంది. సర్వీసింగ్ ఖర్చు ఓనర్‌ది, గ్యాస్ ఖర్చు డ్రైవర్‌ది. ప్లగ్గు పాతదై, ఎయిర్ ఫిల్టర్ దుమ్ము పట్టి మైలేజీ పడిపోతే ఓనర్‌కు ఒక్క రూపాయి నష్టం లేదు. ఆయన 450 ఆయనకు వస్తూనే ఉంటుంది. నష్టమంతా మనది. అందుకని ఓనర్‌కు తెలియాలంటే మనమే చెప్పాలి, ఊరికే "బండి గ్యాస్ తాగుతోంది" అంటే ఆయన వినడు, ప్రతి డ్రైవర్ చెప్పే మాటే అది. నేను పుస్తకం చూపించాను. పాత వారాల్లో ఎంత, ఇప్పుడు ఎంత. ఆయన తిప్పి తిప్పి చూసి, "రేపు మెకానిక్ దగ్గర పెట్టు తమ్మీ, నేను ఫోన్ చేస్తా" అన్నాడు. ప్లగ్గు, ఫిల్టర్ మార్చారు, టైర్లలో గాలి సరిచేశారు. మైలేజీ మళ్లీ ముప్పై దాటింది.

తర్వాతి ప్రశ్న, 138 కిలోమీటర్లలో మనిషి కూర్చున్నవి ఎన్ని? ఆ రోజు సవారీలతో తిరిగింది 84. మిగతా 54 ఖాళీ. పికప్‌కు పోవడం, దింపి తిరిగి రావడం, గ్యాస్ కోసం పోవడం, స్టాండ్ వెతుక్కోవడం అన్నీ అందులోనే. ఆ ఖాళీ కిలోమీటర్లకే 162 రూపాయల గ్యాస్ కాలింది. సవారీ ఎక్కిన కిలోమీటరుకు 17 వచ్చింది కానీ, తిరిగిన ప్రతి కిలోమీటరుకూ పంచితే పది రూపాయల చిల్లరే. అందులో గ్యాస్ 3 పోతే చేతికి ఏడు రూపాయల ముప్పై అయిదు పైసలు.

ఈ ఏడు రూపాయల ముప్పై అయిదు పైసలతో ఇంకో లెక్క వెయ్యొచ్చు. కిరాయి, యాప్ ఫీజు కలిపి 480. అది తీరాలంటే దాదాపు 65 కిలోమీటర్లు తిరగాలి. ఆ రోజు నేను 65 కిలోమీటర్లు దాటేసరికి మధ్యాహ్నం రెండు అయింది. అంటే రెండు దాకా చేసిన పని ఓనర్‌కూ యాప్‌కూ. ఇంటికి పోయే 435 అంతా ఆ తర్వాత వచ్చినదే. మధ్యాహ్నం ఎండకు బండి పక్కన పెట్టి పడుకుని, ఆరు గంటలకే "చాల్లే" అని బండి తెచ్చి పెట్టేవాళ్లు మా దగ్గర ఉన్నారు. వాళ్లకు మిగలకపోవడానికి కారణం ఇదే. కిరాయి తీరిన తర్వాత వచ్చే గంటలే మన గంటలు, వాటినే వదులుకుంటున్నారు.

ఖాళీ కిలోమీటర్లు తగ్గించడానికి నాకు పనికొచ్చిన ఒక పోలిక చెప్తాను. సాయంత్రం ఎస్సార్ నగర్‌లో ఉన్నప్పుడు యాప్‌లో బాచుపల్లికి సవారీ వచ్చింది, 14 కిలోమీటర్లు, 190 రూపాయలు. పెద్ద అంకె కాబట్టి చెయ్యి దానంతట అదే పోతుంది. కానీ పికప్‌కు ఒకటిన్నర కిలోమీటర్లు, దింపాక అక్కడ తిరుగు సవారీ దొరక్క జేఎన్‌టీయూ దాకా ఏడు కిలోమీటర్లు ఖాళీగా రావాలి. మొత్తం 22న్నర కిలోమీటర్లు, గ్యాస్ 67 పోతే 123 మిగులుతుంది. ట్రాఫిక్‌లో గంటన్నర. అదే గంటన్నరలో అమీర్‌పేట మెట్రో దగ్గర నిలబడితే యూసుఫ్‌గూడ, శ్రీనగర్ కాలనీ వైపు మూడేసి కిలోమీటర్ల సవారీలు నాలుగు దొరుకుతాయి, ఒక్కొక్కటి 60. ఖాళీ తిరుగుడు కలిపినా పదిహేను కిలోమీటర్లే. 240లో గ్యాస్ 45 పోతే 195. అన్ని రోజులూ నాలుగు దొరకవు, మూడే దొరికినా బాచుపల్లి కంటే నయం. రాత్రి ఇంటికి పోయే దారి అటే అయితే మాత్రం బాచుపల్లి సవారీ మంచిదే. గ్యారేజీ మనకు ఇటు ఉంది కాబట్టి నాకు కాదు.

మీటర్ సంగతి అడుగుతారు చాలామంది సవారీలు. ప్రభుత్వం 2014లో పెట్టిన రేటు మొదటి 1.6 కిలోమీటర్లకు 20 రూపాయలు, ఆ పైన కిలోమీటరుకు 11. ఆరు కిలోమీటర్ల సవారీకి మీటర్ ప్రకారం 68 వస్తుంది. ఆ రోజు నా 84 కిలోమీటర్లు మొత్తం మీటర్ మీద తిప్పి ఉంటే, కిలోమీటరుకు 11, 12 లెక్కన వెయ్యి చుట్టూ వచ్చేది. గ్యాస్, కిరాయి, తిండి తీసేస్తే చేతిలో నలభై, యాభై. ఇది చూపించినప్పుడు కొంతమంది సవారీలు అర్థం చేసుకుంటారు. కొంతమంది రూల్ రూలే అంటారు. వాళ్ల వైపు నుంచి అదీ నిజమే, రేటు మార్చాల్సింది వాళ్లు కాదు.

2023 డిసెంబర్ 9 నుంచి తెలంగాణలో ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సు ఉచితం అయింది. నాకు పొద్దున పది నుంచి పన్నెండు దాకా మార్కెట్‌కు, ఆసుపత్రికి పోయే ఆడవాళ్ల సవారీలు బాగా తగ్గాయి. పథకం తప్పని నేను అనను, మా ఇంట్లోవాళ్లు కూడా ఆ బస్సే ఎక్కుతారు. కానీ ఆ రెండు గంటలు స్టాండ్‌లో బండి నిలిచిపోతుంది, కిరాయి మాత్రం నిలవదు. ఇప్పుడు ఆ సమయంలోనే గ్యాస్ కొట్టిస్తున్నాను, క్యూ తక్కువ, ప్రెషర్ కూడా బాగుంటుంది.

ఆ 435 కూడా నిజంగా పూర్తిగా ఇంటిదేనా అంటే, కాదు. పంక్చర్ మనదే, చలాన్ మనదే. అద్దం పగిలితే, హారన్ పోతే మనదే. ఇవి రోజూ రావు కాబట్టి రోజు లెక్కలో కనిపించవు, వచ్చినప్పుడు మాత్రం ఆ వారాన్ని మింగేస్తాయి. అందుకే రోజుకు 40 విడిగా ఒక డబ్బాలో వేస్తాను. దాన్ని ఖర్చుగానే చూస్తాను, పొదుపుగా కాదు. అప్పుడు మిగిలేది 395. పదమూడు గంటలకు పంచితే గంటకు ముప్పై రూపాయలు. ఈ అంకె మొదటిసారి కాగితం మీద చూసినప్పుడు మా ఆమె చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత "ఆదివారం కూడా అంతేనా?" అని అడిగింది.

మంచి ప్రశ్న అది. పుస్తకం వెనక్కి తిప్పి ఆదివారాలు మాత్రమే తీసి చూశాను. ఆఫీసులు ఉండవు, మెట్రో దగ్గర సవారీలు సగం. చాలా ఆదివారాలు వసూలు తొమ్మిది వందలు దాటలేదు. గ్యాస్, కిరాయి, తిండి పోతే ఏమీ మిగలడం లేదు, పంక్చర్ పడితే ఎదురు ఇవ్వాల్సి వస్తోంది. బండి తియ్యకపోతే కిరాయి ఎగ్గొట్టినట్టు ఓనర్ అనుకుంటాడని తీస్తున్నాను, అంతే. ఈ పేజీలు కూడా ఆయనకు చూపించి, "అన్నా, ఆదివారం మూడు వందలు చేయండి, లేకపోతే నేను ఆ రోజు బండి తియ్యను, నిలబడిపోతే మీకూ ఏమీ రాదు" అన్నాను. రెండు రోజులు ఆలోచించి మూడున్నర వందలకు ఒప్పుకున్నాడు.

సొంత బండి ఎందుకు కొనకూడదు అని కూడా అడుగుతారు. నెలకు ఇరవై ఆరు రోజుల లెక్కన కిరాయే 11,700 అవుతోంది. బయట ఫైనాన్స్ వాళ్లను అడిగితే కిస్తీ దాని కంటే తక్కువే చెప్తున్నారు. కానీ ఇన్సూరెన్స్, ఫిట్‌నెస్, సర్వీసింగ్, టైర్లు, బండి షెడ్డులో ఉన్న రోజులు, ఇవన్నీ కలిస్తే తేడా చాలావరకు కరిగిపోతుంది. దానికి తోడు ఔటర్ రింగ్ రోడ్డు లోపల కొత్త పర్మిట్లు ఏళ్ల తరబడి ఆపి ఉంచారు కాబట్టి పర్మిట్ ఉన్న బండికి అదనపు ధర పలికింది. ముందు కట్టాల్సిన డబ్బే నాకు పెద్దది. రాత్రి షిఫ్ట్ ఇంకొకరికి కిరాయికి ఇస్తే లెక్క మారుతుంది, అప్పుడు నేనూ ఒక ఓనర్‌ను అవుతాను, సర్వీసింగ్ నాది, గ్యాస్ అతనిది. ఆ లెక్క వెయ్యడానికి కావలసిన అంకెలన్నీ ఇప్పుడు పుస్తకంలో ఉన్నాయి, కిస్తీ ఎంతో కచ్చితంగా తెలియడమే మిగిలింది. వచ్చే వారం ఇంకో ఇద్దరు ఫైనాన్స్ వాళ్లను కలుస్తాను.